20,405 అని రాసి ఉంటే 11,869 ఎందుకు వచ్చాయి?

"సార్, నిన్న నా మొదటి జీతం పడ్డది. ఆఫర్ లెటర్ల నెలకు 20,405 అని ఉండె, అకౌంట్ల 11,869 మాత్రమే పడ్డయి. స్లిప్పుల పీఎఫ్, ఈఎస్ఐ అని ఏమేమో కోసిండ్రు. నేను లెక్క కడితే పీఎఫ్ కూడా ఎక్కువనే పట్టుకున్నట్టు ఉంది. హెచ్‌ఆర్ వాళ్లను అడిగితే వచ్చుడుతోనే పైసల గురించి అడుగుతుంది అనుకుంటరేమోనని భయమైతుంది. నన్ను మోసం చేసిండ్రా సార్?"

హన్మకొండ,
2025 జూలై 5.

బిడ్డా,

నీ పే స్లిప్‌నూ, ఆఫర్ లెటర్‌నూ పక్కపక్కన పెట్టుకొని, కాలిక్యులేటర్‌తో ఒక్కొక్క అంకెనూ రెండుసార్లు సరిచూశాను. నిన్ను ఎవరూ మోసం చేయలేదు. స్లిప్‌లోని ప్రతి అంకె సరిగానే ఉంది. అయితే నీ భయానికి మూలం స్లిప్‌లో లేదు, ఆఫర్ లెటర్‌లో ఉంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

20,405 అన్నది నీ జీతం కాదు. దానిని సీటీసీ అంటారు. నిన్ను ఉద్యోగంలో పెట్టుకున్నందుకు నెలకు సంస్థకు అయ్యే మొత్తం ఖర్చు అది. నీ ఆఫర్ లెటర్ రెండో పేజీలో చిన్న అక్షరాల పట్టిక ఒకటి ఉంది, చూడు. బేసిక్ 12,000, ఇంటి అద్దె భత్యం 4,000, స్పెషల్ అలవెన్స్ 2,000 కలిపి 18,000. దీనినే గ్రాస్ అంటారు. నీ జీతం అంటే ఇదే. దాని కింద సంస్థ తన జేబులోంచి నీ పేరున కట్టేవి ఉన్నాయి: ప్రావిడెంట్ ఫండ్ వాటా 1,680, దానితోపాటు కట్టవలసిన బీమా, నిర్వహణ ఖర్చులు 140, ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ వాటా 585. ఈ 2,405 నీ చేతికి ఏ నెలా రాదు. వాటిని కూడా కలిపి పెద్ద అంకెను పైన రాయడం ఈనాటి ప్రైవేటు సంస్థల అలవాటు. అది చట్టవిరుద్ధం కాదు గాని, కొత్తగా చేరిన పిల్లలకు ఆ తేడాను చేరిన రోజునే విడమరచి చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చదు.

ఇక 18,000 కూడా ఈ నెల పూర్తిగా రాకపోవడానికి కారణం, నువ్వు జూన్ 9వ తేదీ సోమవారం చేరడం. స్లిప్ పైభాగాన పెయిడ్ డేస్ అన్న గడిలో 22 అని ఉంది. 9 నుంచి 30 వరకు లెక్కపెడితే, మధ్యలో వచ్చిన మూడు ఆదివారాలను కలుపుకొని సరిగ్గా 22 రోజులు. మీ సంస్థ నెలను 30 రోజులుగా తీసుకొని 22 రోజులకు జీతం కట్టింది. అందువల్ల బేసిక్ 8,800, ఇంటి అద్దె భత్యం 2,933, స్పెషల్ అలవెన్స్ 1,467, మొత్తం 13,200 అయింది. కొన్ని సంస్థలు ఆదివారాలను తీసేసి నెలకు 26 పనిదినాలుగా లెక్కిస్తాయి. ఆ లెక్కన నీకు 19 రోజులకు 13,154 వచ్చేవి, అంటే 46 రూపాయలు తక్కువ. ఏ పద్ధతి అయినా సరే, భాజకంలోనూ లెక్కించిన రోజుల్లోనూ ఒకే నియమం పాటించాలి. 30తో భాగించి ఆదివారాలు తీసేసిన 19 రోజులకే జీతం ఇస్తే మాత్రం అది తప్పు. స్లిప్‌లో మొదట చూడవలసింది ఈ రోజుల గడినే, ఎందుకంటే దాని కింద ఉన్న అంకెలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇప్పుడు కోతలకు వస్తాను. నీ స్లిప్‌లో ఉన్నవి రెండే: పీఎఫ్ 1,232, ఈఎస్ఐ 99. మొత్తం 1,331. 13,200లోంచి అది తీసేస్తే 11,869.

పీఎఫ్ ఎక్కువ పట్టుకున్నారని నీకు అనిపించడానికి కారణం నాకు అర్థమైంది. తరగతిలో నేను చెప్పినట్టే బేసిక్ మీద పన్నెండు శాతం కట్టి ఉంటావు. 8,800 మీద 1,056 వస్తుంది, వాళ్లు 1,232 కోశారు, 176 తేడా. ఈ 176 ఎక్కడిదంటే, స్పెషల్ అలవెన్స్ 1,467 మీద పన్నెండు శాతం. ఒకప్పుడు చాలా సంస్థలు జీతంలో ఎక్కువ భాగాన్ని రకరకాల భత్యాల పేరుతో రాసి, బేసిక్‌ను తక్కువ చేసి చూపి, పీఎఫ్ వాటాను తగ్గించుకునేవి. అందరికీ ఒకే తీరుగా నెలనెలా ఇచ్చే అలవెన్స్ పేరుకే అలవెన్స్ తప్ప నిజానికి జీతమేనని, పీఎఫ్ లెక్కలో దానిని కలపవలసిందేనని 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. మీ సంస్థ ఆ ప్రకారమే బేసిక్, స్పెషల్ అలవెన్స్ రెండూ కలిపి 10,267 మీద కోసింది. ఇంటి అద్దె భత్యాన్ని చట్టమే పీఎఫ్ లెక్క నుంచి మినహాయించింది కనుక దానిని వదిలేసింది. తరగతిలో బేసిక్ అని మాత్రమే చెప్పి వదిలేసిన తప్పు నాది. ఇందులో నీకు నష్టమేమీ లేదు, ఎందుకంటే నీ దగ్గర ఎంత కోస్తే అంతకు సమానంగా సంస్థ కూడా తన వాటా కట్టాలి. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం నెలకు 15,000 దాటిన తరువాత, ఆ పరిమితి దగ్గరే ఆగి 1,800 మాత్రమే కోసి, తామూ అంతే కట్టే సంస్థలు ఉన్నాయి. దానికి చట్టం ఒప్పుకుంటుంది.

ఈ డబ్బు ఎక్కడికి పోతుందో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే ఇంకో పది పదిహేను రోజులకు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి మళ్లీ భయపడతావు. నీ వాటా 1,232 మొత్తం నీ ఖాతాలోనే చేరుతుంది. సంస్థ వాటా కూడా 1,232 రూపాయలే, కానీ అది రెండు పాయలుగా చీలుతుంది. పీఎఫ్ జీతం మీద 8.33 శాతం, అంటే 855 రూపాయలు, పెన్షన్ నిధికి వెళ్తాయి. మిగిలిన 377 మాత్రమే నీ పీఎఫ్ ఖాతాలో యాజమాన్య వాటాగా కనిపిస్తాయి. పాస్‌బుక్‌లో ఒకే వరుసలో 1,232, 377, 855 అని మూడు అంకెలు ఉంటాయి. మధ్య అంకెను చూసి సంస్థ తన వాటా ఎగ్గొట్టిందని మా పాత విద్యార్థులు కనీసం నలుగురు నాకు ఫోన్ చేశారు. పీఎఫ్ సొమ్ము మీద ఏటా వడ్డీ కలుస్తుంది, 2024-25 సంవత్సరానికి అది 8.25 శాతం. పెన్షన్ పాయకు మాత్రం అలా వడ్డీ చేరదు. దాని ఫలితం పదేళ్ల సర్వీసు నిండినవారికి పెన్షన్ రూపంలో, మామూలుగా 58 ఏళ్ల వయసు నుంచి, వస్తుంది. కనుక ఆ 855ను బ్యాంకు నిల్వలాగా చూడకు.

సంస్థ తన వాటాను నీ జీతంలోంచి కోయడానికి వీల్లేదు. సీటీసీలో కలిపి చూపడం వేరు, గ్రాస్‌లోంచి కోయడం వేరు. స్లిప్‌లో గ్రాస్ 18,000 అని చూపించి, కింద పీఎఫ్ గడిలో 1,680 రెండుసార్లు కనిపిస్తే, లేదా ఒకే గడిలో 3,360 ఉంటే, అది చెల్లదు. ఈఎస్ఐ గడికీ ఇదే వర్తిస్తుంది. నీ స్లిప్‌లో అలాంటిదేమీ లేదు.

ఈఎస్ఐ కోత చిన్నది గనుక ఎవరూ పట్టించుకోరు గాని, నీలాంటి జీతానికి నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అదే. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. ఇక్కడ ఇంటి అద్దె భత్యంతో సహా గ్రాస్ మొత్తం మీద నీ దగ్గర 0.75 శాతం, సంస్థ దగ్గర 3.25 శాతం తీసుకుంటారు. 13,200 మీద నీ వాటా సరిగ్గా 99 రూపాయలు, సంస్థ కట్టేది 429. దీనికి బదులుగా నీకూ, నీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో, ఆసుపత్రుల్లో వైద్యం అందుతుంది. అమ్మానాన్నల విషయంలో షరతు ఒకటి ఉంది. వాళ్ల ఆదాయం అన్ని వైపుల నుంచీ కలిపి నెలకు 9,000 మించకూడదు. మీ నాన్న ఎనుమాముల మార్కెట్‌లో సీజన్‌లో మాత్రమే పని చేస్తాడని నువ్వు ఒకసారి చెప్పావు. ఏడాది మొత్తం మీద లెక్క వేసి చూసుకొని, నిజం ఏదో అదే రాయి.

ఇందులో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. సంస్థ నీ పేరును నమోదు చేసి, పది అంకెల బీమా నంబరు తెప్పిస్తుంది. కానీ కుటుంబ సభ్యుల వివరాలు ఖాళీగా వదిలేస్తుంది. మూడేళ్ల కింద మా వీధిలోని ఒక కుర్రవాడు రెండేళ్లుగా నెలనెలా ఈఎస్ఐ కడుతూ ఉండి కూడా, వాళ్ల అమ్మకు కడుపులో రాళ్లు అని తేలినప్పుడు డిస్పెన్సరీకి తీసుకుపోతే కార్డులో ఆమె పేరే లేదని వెనక్కి పంపారు. పేరు చేర్పించి ఆధార్ జతచేసేలోపు ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అప్పు చేసి ఆపరేషన్ చేయించారు. అందుకని హెచ్‌ఆర్ దగ్గర ఈ-పెహచాన్ అనే నీ ఈఎస్ఐ గుర్తింపు కార్డు అడిగి తీసుకో. అది మామూలు కాగితం మీద ముద్రించిన పత్రమే. అందులో అమ్మ పేరు, నాన్న పేరు, వాళ్ల పుట్టిన తేదీలు, నీకు కేటాయించిన డిస్పెన్సరీ పేరు ఉన్నాయో లేదో చూసుకో. నువ్వు వరంగల్‌లో పని చేస్తూ డిస్పెన్సరీ మాత్రం సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న హైదరాబాద్‌లో పడి ఉంటే దానిని మార్పించుకో. వైద్యం చేరిన మొదటి రోజు నుంచే దొరుకుతుంది. జబ్బు చేసి సెలవు పెట్టిన రోజులకు జీతంలో 70 శాతం ఇచ్చే సదుపాయం మాత్రం చందా కట్టిన కొన్ని నెలల తరువాతే మొదలవుతుంది.

స్లిప్‌లో పీటీ అన్న గడిలో సున్నా ఉంది. అది వృత్తి పన్ను. ఇది రాష్ట్ర ప్రభుత్వానికి పోయేది, తిరిగి రాదు. తెలంగాణలో నెల జీతం 15,000 వరకు ఏమీ లేదు. 15,001 నుంచి 20,000 వరకు 150, ఆ పైన 200. జూన్‌లో నీ గ్రాస్ 13,200 మాత్రమే కనుక పడలేదు. జూలైలో పూర్తి 18,000 వస్తుంది కనుక 150 కోస్తారు. అప్పుడు కొత్త కోత వేశారని కంగారు పడకు. టీడీఎస్ గడి కూడా ఖాళీగా ఉంది, ఇక ముందూ అలాగే ఉంటుంది. ఏడాదికి 2,16,000 జీతం మీద ఆదాయపు పన్ను పడదు. అయినా పాన్ నంబరు సంస్థ రికార్డులో సరిగ్గా ఎక్కిందో లేదో చూడు, ఎందుకంటే దాని అవసరం పన్నుకంటే పీఎఫ్‌కే ఎక్కువ.

వచ్చే నెల స్లిప్ ఎలా ఉండాలో ఇప్పుడే చెబుతాను, పోల్చుకో. సెలవులు లేకుండా పని చేస్తే గ్రాస్ 18,000, పీఎఫ్ 14,000 మీద 1,680, ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150, కోతలు మొత్తం 1,965, చేతికి 16,035. ఇంట్లో ఖర్చుల లెక్కకు, గది అద్దెకు, అమ్మకు పంపే డబ్బుకు ఆధారం ఈ 16,035 కావాలి గాని 20,405 కాదు.

ఇంతవరకు చెప్పింది కోత సరిగ్గా ఉందా లేదా అన్నది. కోసిన డబ్బు కట్టారా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి స్లిప్ జవాబు చెప్పదు. నేను అధ్యాపకుడిని కాకముందు ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసేవాడిని. అక్కడ నా జీతంలోంచి నెలనెలా పీఎఫ్ కోస్తున్నట్టు రిజిస్టరులో నేనే నా చేతులతో రాశాను. ఏడాదిన్నర తరువాత వార్షిక లెక్కల చీటీ వచ్చినప్పుడు చూస్తే ఐదు నెలల సొమ్ము జమ కాలేదు. రాసినవాడికే తెలియలేదు చూడు! ఆ రోజుల్లో ఏడాదికి ఒకసారి వచ్చే చీటీ తప్ప మరో దారి లేదు. ఇప్పుడు నీకు అది నెలనెలా ఫోన్‌లోనే కనిపిస్తుంది.

నీ స్లిప్‌లో యూఏఎన్ అని పన్నెండు అంకెల పీఎఫ్ సభ్యత్వ నంబరు ఉంది. అది జీవితాంతం నీదే, ఉద్యోగం మారినా మారదు. అందుకే ఒక సంగతి అడుగుతాను: డిగ్రీ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో నువ్వు ఒక బట్టల దుకాణంలో రెండు నెలలు బిల్లింగ్‌లో పని చేశావు కదా, అక్కడ పీఎఫ్ కోశారా? కోసి ఉంటే నీకు అప్పుడే ఒక యూఏఎన్ వచ్చి ఉంటుంది. చేరేటప్పుడు నింపిన ఫారం 11లో పాత సభ్యత్వం లేదని రాసి ఉంటే ఇప్పుడు రెండో నంబరు పుట్టి ఉండవచ్చు. రెండు నంబర్లు ఉంటే పాతదాంట్లోని సొమ్మును కొత్తదానికి బదిలీ చేయించుకోవాలి. ఈ పని మొదటి నెలలో సులువు, పదేళ్ల తరువాత పెద్ద తలనొప్పి.

రెండోది పేరు. మన పిల్లలకు పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరికి పోతుంది. పీఎఫ్ వాళ్లు ఆధార్‌ను ప్రామాణికంగా తీసుకుంటారు. మెమో చూసి నీ పేరు నమోదు చేసి ఉంటే ఆధార్‌తోనూ పాన్‌తోనూ కుదరక, డబ్బు తీసుకోవలసిన రోజున దరఖాస్తు తిరస్కరిస్తారు. హన్మకొండలో నా దగ్గరికి వచ్చే పీఎఫ్ సమస్యల్లో సగం పేరులోని ఈ ఒక్క అక్షరం దగ్గరే మొదలవుతాయి. స్లిప్‌లో నీ పేరు ఇంటిపేరు పూర్తిగా విప్పి ఉంది. ఆధార్‌లో ఎలా ఉందో చూసి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు.

హెచ్‌ఆర్‌ను అడగడానికి సంకోచించనక్కర లేదు, కానీ అడిగే తీరు ఒకటి ఉంది. జీతం తక్కువ పడిందని అనకు, ఎందుకంటే తక్కువ పడలేదు. ఈ నాలుగు మాటలు మెయిల్‌లో రాయి, నోటితో అడిగినదానికి రికార్డు ఉండదు: "జూన్ నెల పే స్లిప్ అందింది. నా ఈ-పెహచాన్ కార్డు ప్రతి పంపగలరు. అందులో నా తల్లిదండ్రుల పేర్లు చేర్చడానికి ఏ పత్రాలు ఇవ్వాలో తెలుపగలరు. పీఎఫ్ ఖాతాలో నా పేరు ఆధార్ ప్రకారం నమోదైందో లేదో దయచేసి సరిచూడగలరు." ఇలాంటి మెయిళ్లు వాళ్లకు రోజూ వస్తాయి, ఎవరూ తప్పు పట్టరు.

ఇక సొమ్ము జమ సంగతి. జూన్ నెల పీఎఫ్, ఈఎస్ఐ రెండింటినీ సంస్థ జూలై 15లోగా కట్టాలి. ఆ తరువాత పాస్‌బుక్‌లో కనిపించడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది కనుక ఈరోజే తెరిచి ఖాళీగా ఉందని బాధపడకు. యూఏఎన్‌ను ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరుతో యాక్టివేట్ చేసుకొని, జూలై 25 తరువాత పాస్‌బుక్ చూడు. నెట్ సరిగా లేకపోతే, నమోదైన నీ ఫోన్ నుంచి 7738299899కు ఈ సందేశం పంపితే వివరాలు తెలుగులోనే వస్తాయి:

```
EPFOHO UAN TEL
```

జూన్ వరుసలో 1,232, 377, 855 ఉంటే సరిపోయింది. నెలాఖరు దాకా ఆ వరుసే రాకపోతే మొదట హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టు. ఆగస్టు పదిహేను దాటినా రాకపోతే ఆ మెయిల్, ఈ స్లిప్, ఆఫర్ లెటర్ మూడూ ప్రింట్ తీసి ఏదైనా ఆదివారం మా ఇంటికి తీసుకురా. వరంగల్‌లోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది, ఫిర్యాదు ఎలా రాయాలో ఇద్దరం కూర్చొని చూద్దాం.

ఇట్లు,
మీ కామర్స్ సార్